మాఫీ మూడు నెలలు, మన గ్రూపులో మెసేజ్‌లు

(వరంగల్ జిల్లాలో ఒక మండల కేంద్రంలోని బ్యాంకు శాఖ. 2024 అక్టోబర్ 1 సాయంత్రం, అర్ధ సంవత్సరం లెక్కలు ముగిసిన మరునాడు, తెలంగాణ ప్రభుత్వ పంట రుణమాఫీ పనిలో ఉన్న సిబ్బందితో మేనేజర్ మాట్లాడిన మాటలు. ఖాతాదారుల పేర్లు ఇందులో లేవు.)

అందరూ వచ్చారా? గేటు దగ్గర అన్నను కూడా పిలవండి. షట్టర్ సగం దించి రండన్నా. ఆయన లేకుండా మొదలుపెడితే సగం ముచ్చట చెప్పలేను. క్యాష్ టాలీ అయిందా మేడం? అయితే కూర్చోండి, ఎక్కువసేపు ఆపను. రేపు ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు పూలు ఎక్కడ దొరుకుతాయో పొద్దున్నుంచి కౌంటర్ల దగ్గర వింటూనే ఉన్నాను.

రీజనల్ ఆఫీసు నుంచి అభినందన లేఖ వచ్చింది. నోటీసు బోర్డుకు పెట్టాను, ఇక్కడ చదవను. మన బ్రాంచి పేరు తీసేసి ఇంకో బ్రాంచి పేరు పెట్టినా అది అట్లనే సరిపోతుంది. మీకు చెప్పాల్సిన థాంక్స్ అట్లాంటిది కాదు. అందుకే నిన్న రాత్రి ఇంటికెళ్లి మన వాట్సాప్ గ్రూపు తెరిచాను. జూలై 15 దాకా పైకి జరుపుకుంటూ పోయి, పనికొచ్చే మెసేజ్‌లు ఈ కాగితం మీద రాసుకున్నాను. గుడ్ మార్నింగ్ గులాబీలు, 'ఓకే సార్'లు తీసేస్తే ఇదే మిగిలింది. ఒక్కొక్కటి చదువుతాను. దాని వెనక ఏం జరిగిందో మీలో కొందరికే తెలుసు. అందరికీ తెలియాలని ఇవాళ చెబుతున్నాను.

మొదటిది, జూలై 15 రాత్రి మన ఫీల్డ్ ఆఫీసర్ సార్ పెట్టింది. 'జీవో వచ్చింది. అందరూ తేదీలు జాగ్రత్తగా చూడండి.' అంతే. దాని కింద మనమంతా బొటనవేళ్లు పెట్టి పడుకున్నాం. ఆయన మాత్రం పడుకోలేదు. తెల్లారి ప్రతి కౌంటర్ మీద అద్దం కింద ఒక కాగితం ఉంది. ఆయన చేతిరాత, ఒక్క పేజీ. 2018 డిసెంబర్ 12 నుంచి తీసుకున్న, రెన్యువల్ చేసుకున్న పంట రుణాలు మాత్రమే లెక్కలోకి వస్తాయి. 2023 డిసెంబర్ 9 నాటికి అసలూ వడ్డీ కలిపి ఎంత బాకీ ఉందో అదే లెక్క. కుటుంబానికి 2 లక్షల వరకు. కుటుంబం అంటే రేషన్ కార్డులో ఉన్నవాళ్లు. ఈ నాలుగు ముక్కలు అద్దం కింద లేకపోతే ఆ తర్వాత వారం మనలో ఎవరం ఏ జవాబు చెప్పేవాళ్లమో నాకు తెలియదు. కౌంటర్‌కో మాట చెప్పి ఉండేవాళ్లం. రైతు మూడు కౌంటర్లలో మూడు మాటలు విన్నాడంటే ఇక నాలుగో మాట నిజమైనా నమ్మడు.

ఆయనకు అంతకు ముందు ఏడు నెలలు ఎట్లా గడిచాయో కూడా గుర్తు చేయాలి. ఎన్నికలైనప్పటి నుంచి మాఫీ వస్తుందన్న ఆశ మీద ఊళ్లో ఒక్కరూ బాకీ కట్టలేదు. కట్టకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు, ఎవరైనా అట్లనే ఆగుతారు. ఈయన బండేసుకుని వెళితే మంచిగా కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, 'మాఫీ వస్తది కద సార్' అని పంపించారు. అవతల బ్యాంకు లెక్క ఆగదు కదా. స్వల్పకాలిక పంట రుణం రెండు పంట సీజన్లు దాటి బాకీ పడితే నిరర్థక ఖాతా అయిపోతుంది. రోజూ కంప్యూటర్‌లో ఆ జాబితా పెరుగుతూ కనిపిస్తుంటే, పైనుంచి ఫోన్లు వస్తుంటే, ఊళ్లో ఒక్క రైతుతో గట్టిగా మాట్లాడకుండా ఏడు నెలలు నడిపారు సార్. జూలైలో జనం వచ్చి పడ్డప్పుడు మన మీద కోపం కొంచెం తక్కువగా ఉందంటే కారణం అదేనని నా నమ్మకం.

రెండోది, జూలై 19 ఉదయం. మొదటి విడత, అంటే లక్ష లోపు వాళ్లది, ముందు రోజు సాయంత్రం విడుదలైంది. పొద్దున ఎనిమిది కూడా కాకముందే గేటు దగ్గర అన్న పెట్టిన మెసేజ్. 'సార్, లైన్ కిరాణా కొట్టు దాటింది. లైన్ల చెప్పులే ఉన్నయి. మనుషులు చెట్టు కింద ఉన్నరు.'

(నవ్వులు)

నవ్వుతున్నారు గానీ ఆ రోజు నేను వచ్చేసరికి నిజంగానే రోడ్డు పక్కన చెప్పుల వరస. మధ్య మధ్య పట్టాదారు పాస్ పుస్తకాలు, గాలికి ఎగరకుండా వాటి మీద రాళ్లు. అన్న ఏం చేశారో తెలుసా? గేటు తీయకముందే వరస పొడుగునా ఒక్కొక్కరిని అడుగుతూ వెళ్లారు. 'మాఫీ అయిందా కాలేదా తెలుసుకోనీకి వచ్చినవా, పైసలు తీసుకోనీకి వచ్చినవా?' అని. పింఛన్ డబ్బుకు వచ్చిన ముసలమ్మలు కూడా ఆ వరసలోనే ఉన్నారు, మాఫీతో వాళ్లకు సంబంధమే లేదు. వాళ్లను ముందు లోపలికి పంపారు. ఆ తర్వాత ఊళ్లవారీగా విడదీశారు. మరుసటి వారం నుంచి మనం ఊరికో రోజు పెట్టుకున్నామే, బ్యాంకు మిత్ర అక్క పంచాయతీల్లో చెప్పి మైకులో చెప్పించిందే, ఆ పద్ధతి ఆ ఉదయం ఆయన చేసిన పనిలోంచే వచ్చింది. నేను పైకి పంపిన రిపోర్టులో 'రద్దీ నియంత్రణ చర్యలు' అని రాశాను. అది అన్న చేసిన పని. ఇక్కడ ఆయన పేరుతోనే చెప్పాలి.

మూడోది చిత్రమైనది. అదే రోజు మధ్యాహ్నం, మన సింగిల్ విండో తమ్ముడు పెట్టాడు. 'సార్, మాఫీ కానోళ్ల కంటే మాఫీ అయినోళ్లే ఎక్కువ గొడవ పడుతున్నారు.' నాకు మొదట అర్థం కాలేదు. అయినోళ్లకు గొడవేంది?

అయినవాళ్లకు ఫోన్‌లో మెసేజ్ వచ్చింది, రుణం మాఫీ అయిందని. సంతోషంగా పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుంటే అడుగున ఇంకా బాకీ కనిపిస్తోంది. ఒక పెద్దమనిషి లెక్క చెబుతాను, ఆయన అనుమతితోనే. 2023 డిసెంబర్ 9 నాటికి ఆయన బాకీ 96,400. ప్రభుత్వం ఆ 96,400 సరిగ్గా జమ చేసింది. కానీ జమ అయింది 2024 జూలై 18న. నడుమ 222 రోజులు. ఆయన ఖాతా గడువులోనే ఉంది కాబట్టి 7 శాతం లెక్కన ఆ రోజులకు వడ్డీ దాదాపు 4,100 అవుతుంది. మాఫీ లెక్క డిసెంబర్ 9 దగ్గర ఆగింది, ఖాతాలో వడ్డీ ఆగలేదు. అందుకని 4,100 మిగిలింది. గడువు దాటిన ఖాతాల్లో వడ్డీ రేటు ఇంకా ఎక్కువ కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ మిగిలింది.

ఆయనకు కనిపించింది ఇది కాదు కదా. 'సర్కారు మొత్తం కట్టిందట. మరి ఈ నాలుగు వేలు ఏంది? మీరు తిన్నరా?' అన్నాడు. అందరి ముందు, గట్టిగా. తమ్ముడు ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. నేనైతే ఆ వయసులో 'సిస్టంలో అట్లనే ఉంది' అని చెప్పి తర్వాతి టోకెన్ పిలిచేవాణ్ణి. ఈ పిల్లవాడు లేచి ఖాతా స్టేట్‌మెంట్ మొత్తం ప్రింట్ తీశాడు. కౌంటర్ ఇవతలికి వచ్చి, ఆ పెద్దమనిషి పక్కన బెంచీ మీద కూర్చుని, పెన్నుతో మూడు చోట్ల సున్నాలు చుట్టాడు. ఇదిగో డిసెంబర్ 9న ఇంత ఉంది. ఇదిగో జూలైలో అంతే పడింది, రూపాయి తక్కువ లేదు. ఇదిగో ఈ రెండింటి నడుమ ఇన్ని రోజులు, దానికి వడ్డీ ఇది. పెద్దాయన కాగితం రెండుసార్లు చూసి, 'అట్ల చెప్పు మరి' అన్నాడు. నాలుగు వేలు కట్టడం ఆయనకు ఇష్టం లేదు, ఎవరికి ఇష్టం ఉంటుంది? కానీ దొంగలన్న మాట వెనక్కి తీసుకున్నాడు. బయటికెళ్లి చెట్టు కింద ఉన్నవాళ్లకు ఆ కాగితం తనే చూపించాడట. ఆ రోజు నుంచి ప్రతి ఒక్కరికీ మూడు సున్నాల స్టేట్‌మెంట్. ప్రింటర్ రిబ్బన్లు ఎన్ని అయిపోయాయో మాత్రం అడగొద్దు, ఆ బిల్లు నా దగ్గరే ఆగింది.

నాలుగోది క్యాష్ మేడంది. జూలై 22, సోమవారం. 'సార్, లోన్ జీరో అయినా హోల్డ్ అట్లనే ఉంది. ఎవరూ తీయలేదు.' ఈ ఒక్క లైను వెనక చాలా పని ఉంది. బాకీ పడ్డ రైతుల సేవింగ్స్ ఖాతాలకు గతంలో కొన్నిటికి హోల్డ్ పెట్టి ఉన్నాం. డబ్బు కనిపిస్తుంది, తీసుకోవడానికి రాదు. లోన్ తీరిపోతే హోల్డ్ దానంతట అదే పోతుందని అందరం అనుకున్నాం. పోదు. ఎవరో ఒకరు ఆ ఖాతాలోకి వెళ్లి తీసేయాలి, ఇంకొకరు పాస్ చేయాలి. ఒక రైతు వడ్లు అమ్మిన డబ్బు తీసుకుందామని వస్తే ఇవ్వడం కుదరక, ఎందుకా అని చూస్తే మేడంకు ఇది కనిపించింది. ఆయన ఒక్కడికి తీసేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. మాఫీ జాబితా ప్రింట్ తీసుకుని, క్యాష్ క్లోజ్ చేశాక రోజూ సాయంత్రం ఒక్కొక్క పేరు పక్కన హోల్డ్ ఉందో లేదో చూసుకుంటూ, ఉన్నవాటికి ఎర్ర ఇంకుతో టిక్ పెట్టుకుంటూ పోయారు. వాళ్లెవరూ అడగలేదు. వాళ్లలో చాలామందికి తమ ఖాతాకు హోల్డ్ ఉందనే తెలియదు.

ఇంకోటి కూడా మేడం గట్టిగా నిలబడ్డ విషయం. ట్రాక్టర్ లోన్ బాకీ ఉన్నవాళ్లకు, మాఫీ అయ్యాక చేతిలో ఉన్న డబ్బును అటు మళ్లిద్దామా అని ఒక మాట వచ్చింది. ఎవరు అన్నారన్నది ఇక్కడ అనవసరం. మాఫీ సొమ్ము మాఫీకే, ఇంకో బాకీలో జమ చేసుకోవద్దని ప్రభుత్వం ముందే చెప్పింది. మేడం ఆ కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. నోటితో ఏమీ అనలేదు. సరిపోయింది.

ఐదోది ఆగస్టు 16. నాకైతే ఈ మూడు నెలల్లో అన్నిటికంటే కష్టమైన రోజు అదే. రెండో విడత, లక్షన్నర లోపు వాళ్లది, జూలై 30న వచ్చింది. దాంతో పెద్దగా ఇబ్బంది లేదు. మూడో విడత, 2 లక్షల దాకా, ఆగస్టు 15న మొదలైంది. సెలవు రోజు. మర్నాడు శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. మన మేడమ్‌లు ముగ్గురూ తెల్లవారుజామునే పూజ చేసుకుని, నుదుట పసుపు కుంకుమతోనే తొమ్మిదిన్నరకు కౌంటర్లలో ఉన్నారు. ఆ రోజు ఒక్కరైనా సెలవు అడిగితే ఇవ్వకుండా ఉండగలిగేవాణ్ణి కాదు. అడగలేదు.

ఆ రోజు మెసేజ్ ఫీల్డ్ ఆఫీసర్ సార్‌దే. 'ఇద్దరివీ విడివిడిగా 2 లోపే. కలిపితే దాటింది. ఏం చెప్పాలి?' భార్యాభర్తలు వచ్చారు. ఆయన పేరు మీద లక్షా 20 వేలు, ఆమె పేరు మీద లక్షా 10 వేలు. ఎవరిది వాళ్లు చూసుకుని, 2 లక్షల లోపే కదా, ఎందుకు రాలేదని అడుగుతున్నారు. కానీ రేషన్ కార్డు ఒకటే, కాబట్టి కుటుంబం ఒకటే. కలిపితే 2 లక్షల 30 వేలు. 30 వేలు ఎక్కువ. నిబంధన ప్రకారం ముందు ఆ ఎక్కువైన 30 వేలు వాళ్లు కట్టుకోవాలి, ఆ తర్వాత మిగతా 2 లక్షలకు అర్హత. పంచేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ల రుణం ముందు. అంటే ఆమె లక్షా 10 వేలు మొత్తం, ఆయనకు మిగతా 90 వేలు. ఆ 30 వేలు ఆయన ఖాతాలో కట్టాల్సింది.

ఇంతవరకు లెక్క. అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. 'ఇయ్యాల 30 వేలు కడితే రేపు 2 లక్షలు పడతయా సార్?' అని ఆ అమ్మ అడిగింది. మన దగ్గర దానికి తేదీ లేదు. 2 లక్షలు దాటినవాళ్లకు ఎప్పుడన్నది మనకు ఎవరూ చెప్పలేదు. కట్టమంటే మనకు రికవరీ అంకె బాగుంటుంది, క్వార్టర్ మధ్యలో అది చిన్న విషయం కాదు. ఆ 30 వేల కోసం వాళ్లు బయట నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తారని మనందరికీ తెలుసు. నెలకు 900 మిత్తి, ఎన్ని నెలలో తెలియదు. సార్ ఏం చెప్పారో నేను పక్కనుంచి విన్నాను. 'అమ్మా, కడితేనే అర్హత అని రాసి ఉంది. ఎప్పుడు పడుతుందో రాసి లేదు. ఇంట్లో పైసలు ఉంటే కట్టండి, బాకీ ఎట్లయినా తగ్గుతుంది. మిత్తికి తెచ్చి మాత్రం కట్టకండి.' బ్యాంకు ఆఫీసర్ కౌంటర్‌లో కూర్చుని డబ్బు కట్టకండి అని చెప్పడం పైవాళ్లు వింటే ఏమంటారో నాకు తెలుసు. విన్నా నేను జవాబు చెప్పుకుంటాను. ఆయన చెప్పిందే సరైన జవాబు.

ఆరోది నోటుబుక్ సంగతి. తమ్ముడూ, తల ఎత్తు. ఆగస్టు 20, రాత్రి. 'సార్, ఒకాయన మూడోసారి వచ్చాడు. మనం రైతు వేదికకు పంపుతున్నాం, వాళ్లు మళ్లీ మన దగ్గరకు పంపుతున్నారు. ఒక చీటీ రాసి ఇస్తే?'

మాఫీ ఎందుకు రాలేదో పూర్తిగా మనకు కనిపించదు. ఖాతా మన దగ్గర, కుటుంబం వివరం ప్రభుత్వం దగ్గర. వ్యవసాయ విస్తరణాధికారి, అంటే ఏఈఓ, చూస్తే కుటుంబం సంగతి తెలుస్తుంది గానీ మన ఖాతా లోపల ఏముందో తెలియదు. ఆయన 'బ్యాంకులో కనుక్కో' అంటాడు, మనం 'ఏఈఓ దగ్గరికి పో' అంటాం. రెండూ నిజమే. మధ్యలో రైతు ఆటో కిరాయి పెట్టుకుని తిరుగుతున్నాడు. తమ్ముడి చీటీలో నాలుగే సంగతులు. 2023 డిసెంబర్ 9 నాటికి బాకీ ఎంత, రుణం తీసుకున్న లేదా రెన్యువల్ చేసిన తేదీ ఏది, మన రికార్డులో పేరు ఎట్లా ఉంది, ఆధార్ చివరి నాలుగు అంకెలు ఏవి. కింద సంతకం, ముద్ర. దాని నకలు మన నోటుబుక్‌లో. ఆ చీటీ పట్టుకెళితే ఏఈఓ మళ్లీ మన దగ్గరికి పంపాల్సిన పని లేదు. తేడా ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది. తేడా మనవైపే ఉంటే చీటీ వెనక రాసి పంపుతారు.

అట్లా బయటపడిందే అత్తాకోడళ్ల సంగతి. అత్త పంట రుణం ఖాతాకు కోడలి ఆధార్ నంబరు ఎక్కి ఉంది. ఎన్నేళ్ల కిందటిదో, ఎవరు ఎక్కించారో తెలియదు. ఇద్దరి జిరాక్సులు ఒకే కవర్లో ఇచ్చి ఉంటారు. చీటీ మీద చివరి నాలుగు అంకెలు చూసి ఆ కోడలే పట్టుకుంది, 'ఇది నాది సార్, మా అత్తది కాదు' అని. మనం అత్త దగ్గర కొత్తగా ఆధార్ నకలు తీసుకుని సరిచేశాం, నోడల్ ఆఫీసర్‌కు పంపాం. ఒక మాట అందరూ గుర్తుంచుకోవాలి. మన కంప్యూటర్‌లో సరిచేస్తే డబ్బు పడదు. సరిచేసింది పైకి వెళ్లాలి, మళ్లీ జాబితాలో పేరు రావాలి. కోడలికి ఆ సంగతి అప్పుడే చెప్పి పంపాం కాబట్టి ఆమె రోజూ రావడం లేదు, వారానికోసారి ఫోన్ చేస్తోంది. బ్యాంకు మిత్ర అక్కయితే ఊళ్లో ఇంటింటికీ తిరిగి, చీటీ తీసుకున్నవాళ్లు ఏఈఓ దగ్గరికి వెళ్లారా లేదా అని కనుక్కుంటూ గ్రూపులో వాయిస్ మెసేజ్‌లు పెట్టింది. వాయిస్‌లో వెనక కోళ్ల అరుపులు, ట్రాక్టర్ చప్పుడు, అక్క మాత్రం ఊరు పేరు, చీటీ నంబర్ స్పష్టంగా చెబుతుంది. గ్రూపులో ఖాతా నంబర్లూ ఆధార్ నంబర్లూ పెట్టొద్దని అనుకున్నాం కదా, అక్క ఒక్కసారి కూడా ఆ గీత దాటలేదు.

పాత లోన్ ఫైళ్లు మిద్దె మీది గదిలోంచి దించిన అన్నను మరిచిపోలేను. రెన్యువల్ తేదీ మీద అనుమానం వచ్చిన ప్రతిసారీ ఫైలు కావాలి. సంవత్సరం చెబితే ఏ కట్టలో ఉంటుందో ఆయనకు తెలుసు. ఆ గదిలో ఉక్కపోత ఎట్లా ఉంటుందో తెలియనివాళ్లు ఒకసారి ఎక్కి చూడండి.

తర్వాతది సెప్టెంబర్ 2. వానలు. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే మన మేడం, 'కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, రైళ్లు లేవు, రోడ్డు కూడా తెగింది, రాలేను సార్' అని పెట్టారు. వాళ్ల ఇంట్లోకీ నీళ్లొచ్చాయని ఆ మెసేజ్‌లో లేదు. తర్వాత ఎప్పుడో వేరేవాళ్లు చెబితే తెలిసింది. ఆవిడ రాలేని రోజుల్లో ఆ కౌంటర్‌ను మిగతా ఇద్దరు మేడమ్‌లు పంచుకున్నారు. గ్రూపులో దాని గురించి ఒక్క ముక్క కూడా లేదు, అందుకే నేనే చెబుతున్నాను.

రెన్యువల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మాఫీ అయినవాళ్లు మర్నాడే కొత్త లోన్ చేతిలో పెడతామనుకుని వచ్చారు. పాస్ పుస్తకం చూడాలి, పంట చూడాలి, ఎకరానికి ఏ పంటకు ఎంత ఇవ్వొచ్చో దాని ప్రకారం లెక్క కట్టాలి, కాగితాల మీద సంతకాలు కావాలి. అందులోనూ ముందు ఆ మిగిలిన వడ్డీ కట్టాలి. పత్తికి రెండో దఫా ఎరువు వేసే రోజుల్లో రైతు బ్యాంకులో కూర్చుంటే ఎట్లా? సాయంత్రాలు ఆలస్యంగా ఉండి మీరు తీసిన ఫైళ్లే సెప్టెంబర్‌లో మనల్ని నిలబెట్టాయి. నిరర్థక జాబితాలోంచి చాలా ఖాతాలు బయటికి వచ్చాయి. డిపాజిట్ల టార్గెట్ మాత్రం అందుకోలేదు. ఊళ్లో చేతిలో డబ్బు లేని కాలం అది, పత్తి ఏనుమాముల మార్కెట్‌కు చేరాలి కదా. ఆ సంగతి నేను పైన మాట్లాడుకుంటాను, మీరు దాని గురించి టెన్షన్ పడొద్దు.

ఇళ్లల్లో వాళ్లకు కూడా ఒక మాట. ఈ గ్రూపులో రాత్రి పదకొండుకు వచ్చిన మెసేజ్‌లు చాలా ఉన్నాయి. కొన్ని నేనే పెట్టాను. ఈ నెల నుంచి ఏడు దాటాక గ్రూపులో పని మాట ఉండదు, ఏదైనా ఉంటే ఫోన్ చేస్తాను, అదీ అగ్గి అంటుకుంటేనే.

రేపు గాంధీ జయంతి, సెలవు. గురువారం నుంచి చీటీల కౌంటర్ అట్లనే నడుస్తుంది. నోటుబుక్‌లో జవాబు రానివాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లు వస్తూనే ఉంటారు. నోటుబుక్ తమ్ముడి డ్రాయర్‌లో కాదు, కౌంటర్ మీదే ఉండాలి, ఆయన సెలవు పెట్టినా ఎవరైనా తీసి చెప్పగలగాలి. 2 లక్షలు దాటినవాళ్ల గురించి ఏదైనా ఉత్తర్వు వస్తే ఫీల్డ్ ఆఫీసర్ సార్ అద్దం కింది కాగితం మారుస్తారు. అది మారేదాకా మన జవాబు ఆగస్టు 16న ఆయన చెప్పిందే.

నా కాగితం అయిపోయింది. అందరికీ మనసారా ధన్యవాదాలు. మేడం, మీరు కూడా రెండు మాటలు మాట్లాడతానన్నారు, రండి. అన్నా, ఈలోపు ఆ మిర్చీల ప్యాకెట్లు విప్పండి.